జీబీఎస్ పాజిటివ్ వచ్చింది, పెన్సిలిన్ పడదు: కాన్పు రోజుకి ముందే తేల్చుకోవాల్సినవి

తొమ్మిదో నెలలో చేసిన స్వాబ్ రిపోర్ట్ వాట్సాప్‌లో వస్తుంది, అందులో గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్, అంటే జీబీఎస్ అనే బ్యాక్టీరియా, పెరిగింది అని ఉంటుంది. అది చూడగానే ఇంట్లో సగం మంది ఇన్ఫెక్షన్ వచ్చేసిందని కంగారు పడతారు, మిగతా సగం మంది వెంటనే మాత్రలు మొదలుపెట్టమంటారు. రెండూ అవసరం లేదు. ఈ బ్యాక్టీరియా చాలామంది ఆడవాళ్ల పేగుల్లో, యోనిలో ఏ ఇబ్బందీ పెట్టకుండా ఉంటుంది, గర్భిణుల్లో పది మందిలో ఒకరి నుంచి ముగ్గురి దాకా దొరుకుతుంది. అది శుభ్రత లోపం కాదు, సుఖవ్యాధి అంతకన్నా కాదు. భర్తకి మందులు వాడాల్సిన పని కూడా లేదు.

ప్రమాదం ఎక్కువగా కాన్పు సమయంలోనే. ఉమ్మనీరు పోయాక, నొప్పుల్లో బిడ్డ కిందికి దిగేటప్పుడు ఆ బ్యాక్టీరియా బిడ్డకి అంటుకుంటుంది. తల్లికి ఏ మందూ ఇవ్వకపోతే దాదాపు సగం మంది పిల్లలకి అంటుతుంది, అయినా వాళ్లలో నూటికి ఒకరిద్దరికే జబ్బు చేస్తుంది. కానీ చేస్తే మాత్రం రక్తంలోకి, ఊపిరితిత్తుల్లోకి, కొన్నిసార్లు మెదడు పొరల్లోకి పాకుతుంది, అదీ చాలావరకు మొదటి 24 గంటల్లోనే. ఆ ఒకరిద్దరు ఎవరో ముందే కనిపెట్టే దారి లేదు కాబట్టి బ్యాక్టీరియా ఉన్న తల్లులందరికీ నొప్పుల్లో పెన్సిలిన్ ఇస్తారు.

నేను కాన్పులు చేసే డాక్టర్‌ని. పెన్సిలిన్ పడేవాళ్ల సంగతి తేలిక, అది త్వరగా చెప్పేస్తాను. "మా అమ్మాయికి పెన్సిలిన్ పడదు మేడమ్" అని రాత్రి రెండింటికి లేబర్ రూమ్ తలుపు దగ్గర చెప్పే కేసుల్లోనే తప్పులు ఎక్కువ జరుగుతాయి, అందుకే ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను. ఇక్కడ రాసిన డోసులు అమెరికా ప్రసూతి వైద్యుల కాలేజీ మార్గదర్శకాల ప్రకారం ఇచ్చేవి. మీ విషయంలో ఆఖరి మాట మీ డాక్టర్‌దే, ఎందుకంటే మీ ఫైల్ వాళ్ల చేతిలో ఉంటుంది.

మొదటి అడుగు: స్వాబ్ ఎప్పుడు, ఎలా

36 వారాలు నిండినప్పటి నుంచి 37 వారాల 6 రోజుల లోపు తీస్తారు. మరీ ముందు తీస్తే కాన్పు నాటికి ఆ రిపోర్ట్ పనికిరాదు. ఈ బ్యాక్టీరియా వస్తూ పోతూ ఉంటుంది కాబట్టి నెగెటివ్ రిపోర్ట్‌ని 5 వారాల దాకానే నమ్ముతారు.

హైదరాబాద్‌లో అన్ని ఆసుపత్రులూ దీన్ని అందరికీ చేయవు. కొన్నిచోట్ల రొటీన్‌గా చేస్తారు, కొన్నిచోట్ల రిస్క్ ఉన్నవాళ్లకే ఇంజెక్షన్ ఇస్తారు. 35 వారాల చెకప్‌లో "మేడమ్, జీబీఎస్ స్వాబ్ చేస్తారా?" అని అడిగేయండి.

తీసే పద్ధతిలో ఒక చిన్న విషయం ఉంది, దాన్నిబట్టే రిపోర్ట్ మారిపోతుంది. స్వాబ్‌ని ముందు యోని ద్వారం దగ్గర తిప్పాలి, తర్వాత అదే స్వాబ్‌ని మలద్వారం కండరం దాటి కొంచెం లోపలికి పెట్టి తిప్పాలి. యోనిని తెరిచి పట్టే స్పెక్యులమ్ అక్కర్లేదు. సిగ్గుకో హడావిడికో రెండోది వదిలేసి యోనిలో మాత్రమే తీస్తే కొంతమందిలో ఉన్నది కూడా లేదని వస్తుంది, ఎందుకంటే దాని అసలు నివాసం పేగు. ల్యాబ్‌లో కూడా దీన్ని మామూలు ప్లేట్ మీద నేరుగా వేస్తే సరిపోదు, ముందు ప్రత్యేకమైన ద్రవంలో ఒక రాత్రి పెంచాలి. అందుకని ఫారం మీద ఊరికే "హెచ్‌వీఎస్ కల్చర్" అని, అంటే యోని లోపలి స్వాబ్ మాత్రమే అని రాసి పంపితే లాభం లేదు, "జీబీఎస్ స్క్రీనింగ్, యోని–మలద్వారం స్వాబ్" అని ఉండాలి.

పెన్సిలిన్ పడదని ఎవరైనా ఎప్పుడైనా చెప్పి ఉంటే ఆ ఫారం మీదే ఇంకో లైన్ రాయించండి: పెన్సిలిన్ అలర్జీ ఉంది, పాజిటివ్ అయితే క్లిండమైసిన్ సెన్సిటివిటీ చూడాలి. ఈ లైన్ లేకపోతే చాలా ల్యాబ్‌లు సెన్సిటివిటీ, అంటే ఆ మందుకి బ్యాక్టీరియా లొంగుతుందో లేదో చూసే పరీక్ష, చేయవు, ఎందుకంటే పెన్సిలిన్‌కి ఈ బ్యాక్టీరియా ఇప్పటికీ లొంగుతుంది కాబట్టి చూడాల్సిన అవసరం వాళ్లకి కనిపించదు. రిపోర్ట్ వచ్చాక వారానికి అడిగితే ఆ బ్యాక్టీరియా ప్లేట్ డస్ట్‌బిన్‌లో ఉంటుంది.

స్వాబ్ లేకుండానే ఇంజెక్షన్ అవసరమయ్యేవాళ్లు ఇద్దరున్నారు. ఈ గర్భంలో ఎప్పుడైనా మూత్రం కల్చర్‌లో ఇదే బ్యాక్టీరియా వచ్చినవాళ్లు (అప్పుడు మందు వాడి తగ్గినా సరే), అంతకు ముందు బిడ్డకి ఈ జబ్బు చేసినవాళ్లు. ఇక రిపోర్టే లేకుండా నొప్పులతో వచ్చినప్పుడు మూడు విషయాలు చూస్తారు: 37 వారాలు నిండలేదా, ఉమ్మనీరు పోయి 18 గంటలు అయిందా, తల్లికి 100.4 డిగ్రీల ఫారెన్‌హీట్ జ్వరం ఉందా. ఏ ఒక్కటి ఉన్నా ఇస్తారు.

రెండో అడుగు: "పడదు" అంటే ఏం జరిగిందో రాసుకోవడం

పెన్సిలిన్ పడదని ఫైల్ మీద ఎర్ర ఇంకుతో రాసి ఉన్నవాళ్లలో చాలా ఎక్కువమందికి అసలు అలర్జీయే లేదు, పరీక్ష చేస్తే నూటికి 90 మంది దాకా మామూలుగా తట్టుకుంటారు. చిన్నప్పుడు వైరల్ జ్వరంలో వచ్చిన దద్దుర్లని మందు ఖాతాలో వేసినవాళ్లు కొందరు, వాంతులు విరేచనాలు అయినవాళ్లు కొందరు, "మా పెద్దమ్మకి పడదు కాబట్టి నాకూ పడదు" అనేవాళ్లు ఇంకొందరు. నిజంగా అలర్జీ ఉన్నవాళ్లలో కూడా పదేళ్లు గడిచాక చాలామందికి అది పోతుంది. అందుకే అవునా కాదా అనే ప్రశ్న పనికిరాదు. అమ్మాయి వాళ్ల అమ్మని అడగాల్సింది ఇలా:

"అప్పుడు ఏ మందు వాడారమ్మా?"
"అమాక్సిసిలిన్ సిరప్ అనుకుంటా మేడమ్, దానికి నాలుగైదేళ్లు ఉంటాయేమో అప్పుడు."
"మొదటి డోస్‌కే వచ్చిందా, వాడుతుంటే వచ్చిందా?"
"నాలుగో రోజు. పొట్ట మీద, వీపు మీద ఎర్రగా చిన్న చిన్న మచ్చలు."
"దురద? పెదాలు, కళ్లు ఉబ్బడం? ఆయాసం?"
"అవేం లేవు. రెండ్రోజుల్లో పోయాయి. డాక్టర్ గారే ఇక పెన్సిలిన్ వద్దన్నారు."
"తర్వాత ఎప్పుడైనా అమాక్సిసిలిన్ గానీ ఆంపిసిలిన్ గానీ వాడారా?"

ఈ ఆఖరి ప్రశ్నకి చాలాసార్లు "పన్ను తీసినప్పుడు ఏదో ఇచ్చారు, ఏం కాలేదు" అనే జవాబు వస్తుంది, ప్రిస్క్రిప్షన్ తీసి చూస్తే అది అమాక్సిసిలిన్ కలిసిన మాత్రే. అక్కడితో ఎర్ర ఇంకు కొట్టేయొచ్చేమో ఆలోచించవచ్చు. ఈ సంభాషణ అమ్మాయితో కాకుండా వాళ్ల అమ్మతో చేయాలి, చిన్నప్పటి సంగతులు ఆవిడకే గుర్తుంటాయి.

జవాబుల్ని బట్టి రెండు గుంపులు. తక్కువ ప్రమాదం అంటే పైన చెప్పినలాంటి దురద లేని మచ్చలు, మచ్చల్లేని దురద, కడుపులో తిప్పడం, తలనొప్పి, ఇంట్లో వేరేవాళ్లకి ఉండటం, ఏం జరిగిందో ఎవరికీ గుర్తు లేకపోవడం. ఎక్కువ ప్రమాదం అంటే మందు పడిన కాసేపటికే ఉబ్బెత్తు దద్దుర్లు దురదతో లేవడం, పెదాలూ గొంతూ వాయడం, ఆయాసం, బీపీ పడిపోయి కళ్లు తిరగడం, లేదా రోజుల తర్వాత చర్మం పొక్కులై ఊడిపోవడం, నోట్లో పుళ్లు రావడం. ఈ చివరిది, అంటే చర్మం ఊడే రియాక్షన్, ఎప్పుడు జరిగినా సరే, మళ్లీ పెన్సిలిన్ జాతి మందు దగ్గరికి వెళ్లకూడదు.

టైం ఉంటే అలర్జీ స్పెషలిస్ట్ దగ్గర పరీక్ష చేయించుకోవచ్చు, గర్భంలో చేసినా ఇబ్బంది లేదు. కాకపోతే మన ఆసుపత్రుల్లో ప్రతి యాంటీబయాటిక్‌కీ ముంజేతి మీద చిన్న బుడగ లేపి పదిహేను నిమిషాల తర్వాత చూసే టెస్ట్ డోస్ వేరు, ఆ పరీక్ష వేరు. టెస్ట్ డోస్‌లో ఏమీ రాలేదు కాబట్టి గొంతు వాచిన చరిత్ర ఉన్న మనిషికి పెన్సిలిన్ ఎక్కించేయొచ్చు అనుకుంటే అది ప్రాణాల మీదకి వస్తుంది. అలాగే పలుచన చేయని మందు చర్మానికి మండి కాస్త ఎర్రబడితే అది అలర్జీ అని తేల్చేయడమూ తప్పే, అలా కొత్తగా "పడదు" ముద్ర వేయించుకున్నవాళ్లు బోలెడుమంది.

మూడో అడుగు: ఎవరికి ఏ మందు

పడేవాళ్లకి పెన్సిలిన్ జి. మొదటి డోస్ 50 లక్షల యూనిట్లు నరానికి, తర్వాత బిడ్డ పుట్టేదాకా 4 గంటలకోసారి 25 నుంచి 30 లక్షలు. మన దగ్గర వయల్ 10 లక్షలది అయితే మొదటి డోస్‌కే ఐదు వయల్స్ కావాలి. వాటిని 100 మిల్లీలీటర్ల సెలైన్‌లో కలిపి అరగంటలో ఎక్కిస్తారు. రాత్రిపూట ఫార్మసీలో ఒకటో రెండో ఉన్నాయంటే కష్టమే, అందుకే చాలాచోట్ల ఆంపిసిలిన్ వాడతారు: మొదట 2 గ్రాములు, తర్వాత 4 గంటలకోసారి 1 గ్రాము. అదీ బాగానే పనిచేస్తుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. పెన్సిలిన్ అంటే చాలామంది నర్సులకి, ఫార్మసీ వాళ్లకి ముందు గుర్తొచ్చేది గుండె కవాటాల జబ్బు ఉన్నవాళ్లకి మూడు వారాలకోసారి తుంటికి ఇచ్చే పాల రంగు ఇంజెక్షన్, అంటే బెంజథిన్ పెన్సిలిన్. అది మెల్లగా వారాల తరబడి విడుదలయ్యే మందు, దాంతో నొప్పుల్లో కావలసినంత మోతాదు రక్తంలోకి రాదు. పైగా పొరపాటున నరంలోకి ఎక్కిస్తే గుండె ఆగిపోవచ్చు. ఇక్కడ కావలసింది నీళ్లలో తేటగా కరిగే క్రిస్టలైన్ పెన్సిలిన్. కలిపాక పాలలా ఉంటే అది తప్పు మందు, అక్కడే ఆపాలి.

తక్కువ ప్రమాదం గుంపుకి సెఫజోలిన్, మొదట 2 గ్రాములు, తర్వాత 8 గంటలకోసారి 1 గ్రాము. ఇదీ పెన్సిలిన్‌కి దూరపు చుట్టమే కానీ దాని నిర్మాణంలో అలర్జీ రేపే పక్క గొలుసు వేరు, అందుకే రెండిటికీ కలిపి రియాక్షన్ రావడం చాలా అరుదు. తల్లి రక్తం నుంచి బిడ్డకీ ఉమ్మనీటికీ బాగా చేరుతుంది. సిజేరియన్ ముందు ఇచ్చే ఇంజెక్షన్ చాలా ఆసుపత్రుల్లో ఇదే, కాబట్టి లేబర్ రూమ్‌లో లేకపోతే ఆపరేషన్ థియేటర్ అలమారాలో అడగండి.

ఎక్కువ ప్రమాదం గుంపుకి రెండే దారులు. స్వాబ్‌లోని బ్యాక్టీరియా క్లిండమైసిన్‌కి లొంగుతుందని రిపోర్ట్‌లో ఉంటే 900 మిల్లీగ్రాములు 8 గంటలకోసారి. లొంగకపోయినా, రిపోర్టే లేకపోయినా వాంకోమైసిన్. రిపోర్ట్ చదివేటప్పుడు క్లిండమైసిన్ పక్కన "సెన్సిటివ్" అని ఉందని సంబరపడకుండా ఎరిత్రోమైసిన్ పక్కన ఏముందో కూడా చూడాలి. ఎరిత్రోమైసిన్‌కి లొంగనిదై ఉండి క్లిండమైసిన్‌కి లొంగుతున్నట్టు కనిపిస్తే అది పైపైన లొంగుబాటు కావచ్చు, మందు తగిలాక ఎదురు తిరుగుతుంది. దాన్ని పట్టడానికే డి టెస్ట్: ప్లేట్ మీద రెండు బిళ్లలు దగ్గరగా పెడితే క్లిండమైసిన్ చుట్టూ ఉండాల్సిన గుండ్రటి ఖాళీ ఒక పక్క చదునై ఇంగ్లిష్ డి అక్షరంలా అవుతుంది. డి టెస్ట్ పాజిటివ్ అంటే క్లిండమైసిన్ వద్దు. ఎరిత్రోమైసిన్‌ని మాత్రం ఈ పనికి ఇప్పుడు ఎవరికీ వాడరు. ఇంకా ఎక్కడైనా రాస్తుంటే ఎందుకని అడగండి.

వాంకోమైసిన్ బరువును బట్టి: కిలోకి 20 మిల్లీగ్రాములు, 8 గంటలకోసారి, ఒక డోస్ 2 గ్రాములు దాటకుండా. 70 కిలోల మనిషికి 1400 మిల్లీగ్రాములు. దీన్ని అరగంటకి 500 మిల్లీగ్రాముల కంటే వేగంగా ఎక్కించకూడదు, అంటే ఈ డోస్‌కి గంటన్నర పడుతుంది. తొందరపడితే మెడ, ముఖం, ఛాతీ ఎర్రబడి దురద పుడుతుంది, అది వేగం వల్ల వచ్చేది. చుక్కల వేగం తగ్గిస్తే సర్దుకుంటుంది, దాన్ని కొత్త అలర్జీగా రాయకూడదు. కిడ్నీ సమస్య ఉంటే క్రియాటినిన్ ముందే చూసుకోవాలి.

నాలుగో అడుగు: ఆ రోజు గడియారం

పైన మాట్లాడిన అమ్మాయినే తీసుకుందాం. ఉప్పల్‌లో ఉంటుంది అనుకోండి, మొదటి కాన్పు, 70 కిలోలు, స్వాబ్ పాజిటివ్, నాలుగో రోజు దురద లేని మచ్చలు వచ్చిన చరిత్ర. ఫైల్ మొదటి పేజీలో 37వ వారంలోనే "జీబీఎస్ పాజిటివ్, పెన్సిలిన్ తక్కువ ప్రమాదం, సెఫజోలిన్" అని రాసి ఉంది. రాత్రి 9:30కి ఉమ్మనీరు పోయింది, నొప్పులు ఇంకా లేవు. పొద్దున దాకా ఇంట్లో చూద్దాం అనుకోకూడదు. జీబీఎస్ ఉన్నప్పుడు నీరు పోతే నొప్పుల కోసం ఎదురుచూడకుండా ఆసుపత్రికి రావాలి, అక్కడ మందు వెంటనే మొదలుపెట్టి నొప్పులు తెప్పిస్తారు.

10:30కి చేరింది. 10:50కి సెఫజోలిన్ 2 గ్రాములు మొదలైంది. ఆ టైం కేస్ షీట్ మీద నిమిషంతో సహా రాయాలి, పిల్లల డాక్టర్ పొద్దున ముందు చూసేది అదే. తర్వాతి డోస్ ఉదయం 6:50కి. బిడ్డ 5:15కి పుట్టింది, అంటే ఆరు గంటలు దాటింది. 4 గంటలు నిండితే చాలు, కాబట్టి సరిపోయినట్టు లెక్క. ఒకవేళ ఈమె గొంతు వాచిన చరిత్రతో వాంకోమైసిన్ తీసుకుని అదే ఆరు గంటలకి కని ఉంటే, తల్లికి చేయాల్సింది చేసినట్టే గానీ పిల్లల డాక్టర్ దాన్ని పూర్తి రక్షణగా లెక్కపెట్టరు. వాంకోమైసిన్, క్లిండమైసిన్‌ల మీద ఆ భరోసాకి తగ్గ రుజువు లేదు. 4 గంటల లెక్క పెన్సిలిన్, ఆంపిసిలిన్, సెఫజోలిన్‌లకే. అందుకే అలర్జీ ఉందో లేదో తేల్చుకోవడానికి నేను అంత పట్టుబట్టేది.

నాలుగు గంటలు నిండలేదని కాన్పు ఆపరు, సిజేరియన్ అవసరమైతే ఆలస్యం చేయరు. రెండు గంటలైనా ఎంతో కొంత మేలే. నొప్పులు రాకముందే, నీరు పోకముందే ముందుగా అనుకున్న సిజేరియన్ అయితే ఈ ఇంజెక్షన్ అసలు అక్కర్లేదు, ఆపరేషన్‌కి మామూలుగా ఇచ్చేది ఇస్తారు. నొప్పుల్లో జ్వరం వచ్చి గర్భసంచిలో ఇన్ఫెక్షన్ అనిపిస్తే మాత్రం ఈ మందు ఒక్కటే చాలదు, ఇంకా ఎక్కువ రకాల మీద పనిచేసే మందులకి మారతారు.

ఏ మందు ఎక్కిస్తున్నా మొదటి పదిహేను నిమిషాలు ఎవరో ఒకరు పక్కన ఉండాలి. గొంతు బిగుసుకుందన్నా, ఆయాసం వచ్చినా, బీపీ పడినా మందు ఆపి, ఎడమ పక్కకి తిప్పి, అడ్రినలిన్ అర మిల్లీగ్రాము తొడ కండరానికి ఇస్తారు. కడుపులో బిడ్డ ఉందని అడ్రినలిన్‌కి వెనకాడకూడదు, తల్లి బీపీ నిలబడితేనే బిడ్డకి రక్తం అందుతుంది.

మన దగ్గర ఇంకో చిక్కు, కాన్పుకి పుట్టింటికి వెళ్లడం. చెకప్‌లన్నీ హైదరాబాద్‌లో, కాన్పు ఖమ్మంలోనో నల్గొండలోనో. స్వాబ్ రిపోర్ట్ ఇక్కడి ఆసుపత్రి కంప్యూటర్‌లో ఉండిపోతుంది. బయలుదేరే ముందే రిపోర్ట్, సెన్సిటివిటీ, అలర్జీ వివరాలు కాగితం మీద తీసుకోండి, అక్కడి డాక్టర్‌కి ముందే చూపించండి. నొప్పులతో వెళ్లినప్పుడు చూపిస్తే వాంకోమైసిన్ కోసం ఎవరో ఒకరు బండేసుకుని ఊరంతా తిరగాల్సి వస్తుంది.

36వ వారంలోనే అమాక్సిసిలిన్ కోర్సు వాడేసి "క్లియర్ చేసుకున్నాం" అనేవాళ్లు కూడా వస్తారు. అది నిలవదు. పేగులోంచి మళ్లీ వచ్చేస్తుంది, నొప్పుల్లో ఇంజెక్షన్ ఎలాగూ తప్పదు.

ఐదో అడుగు: బిడ్డ పుట్టాక

తల్లికి సరైన మందు కాన్పుకి కనీసం 4 గంటల ముందే పడి, నెలలు నిండి, బిడ్డ బాగుంటే ప్రత్యేకంగా పరీక్షలేమీ చేయరు. మందు సరిపోలేదు, లేదా వాంకోమైసిన్‌తో గడిచింది అంటే, బిడ్డ బాగానే ఉన్నా 36 నుంచి 48 గంటలు ఆసుపత్రిలో ఉంచి చూస్తారు. సాయంత్రానికే డిశ్చార్జ్ చేయమని పోరు పెట్టకండి. ఆ టైంలో చూసేవి ఇవే: మూలుగుతూ ఊపిరి తీయడం, నిమిషానికి 60 కంటే ఎక్కువసార్లు ఊపిరి, పాలు పట్టకపోవడం, లేపినా లేవని మగత, ఒళ్లు వేడెక్కడం లేదా చల్లబడిపోవడం. చల్లబడటాన్ని చాలామంది పట్టించుకోరు, పుట్టిన బిడ్డలో అది జ్వరమంత సీరియస్.

నొప్పుల్లో ఇచ్చిన మందు మొదటి వారంలో వచ్చే జబ్బునే ఆపుతుంది. వారం తర్వాత, మూడు నెలల లోపు వచ్చే రకం మీద దాని ప్రభావం ఉండదు, అందులో మెదడు పొరల ఇన్ఫెక్షన్ ఎక్కువ. కాబట్టి మూడు నెలల లోపు బిడ్డకి 100.4 డిగ్రీలు వచ్చినా, పాలు మానేసినా ఇంట్లో సిరప్ పోసి చూడకుండా అదే పూట పిల్లల ఆసుపత్రికి తీసుకెళ్లండి. అక్కడ "కాన్పుకి ముందు తల్లికి జీబీఎస్ పాజిటివ్" అని చెప్పండి, అది వాళ్లు అడగకపోయినా సరే.